పాత లాండ్రీ పనితనం తగ్గినప్పుడు: ఒక విశాఖ హోటల్ లెక్క

విశాఖలో ముప్పై, నలభై గదులున్న హోటళ్ళలో చాలావాటికి సొంత లాండ్రీ ఉండదు. బెడ్‌షీట్లు, పిల్లో కవర్లు, టవళ్ళు పొద్దున్నే మూటలై బయటికి వెళ్తాయి. మర్నాడు ఉతికి, ఇస్త్రీ అయి తిరిగొస్తాయి. ఈ పని చేసే లాండ్రీ యజమానితో హోటల్‌కి పదేళ్ళు, పదిహేనేళ్ళ పరిచయం ఉండటం మామూలే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడి, ఊరంతా రోజుల తరబడి కరెంటు లేక, నీళ్ళు లేక అల్లాడినప్పుడు ఎక్కడో జనరేటర్ పట్టుకుని నాలుగు మూటలు ఉతికి పంపింది అతనే అయి ఉండొచ్చు. 2020లో గదులన్నీ ఖాళీగా ఉన్నప్పుడు పాత బాకీ కోసం వెంటపడనిది కూడా అతనే. అందుకే షీట్లలో తెలుపు తగ్గిందని, టవళ్ళు గరుకెక్కాయని అందరికీ తెలిసినా అతని ముందు ఎవరూ నోరు తెరవరు. గెస్టు ఫోన్ చేసి అడిగితే షీటు మార్చి ఊరుకుంటారు.

ఒక్కరోజులో పాడైన పని గురించి మాట్లాడటం కష్టం కాదు. ట్రాలీ బోల్తాపడి బట్టలు బురదైతే అప్పుడే ఫోన్ చేస్తాం, అతను కూడా అప్పుడే ఒప్పుకుంటాడు. రెండు, మూడేళ్ళుగా కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చిన పని గురించి మాట్లాడాలంటేనే చిక్కు. ఫలానా రోజున చెడింది అని చూపించడానికి ఏ రోజూ ఉండదు. పైగా మన చెయ్యి కూడా అందులో కొంత ఉంటుంది. నేను చూసినంతలో ఇలాంటి మాటలు రెండు రకాలుగా చెడిపోతాయి. ఒకటి, సరైన లెక్క లేకుండా కోపంతో మాట్లాడటం. రెండోది, మొహమాటంతో విషయాన్ని పైపైన తాకి వదిలేయడం. రెండు చోట్లా లోపం ఒకటే: బట్ట ఏం చెబుతోందో ముందుగా చూడకపోవడం.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా లెక్క వేసుకుందాం. హోటల్‌కి నలభై గదులు. రోజుకి సగటున రెండు వందల పీసులు లాండ్రీకి వెళ్తాయి. పీసుకి సగటు రేటు 11 రూపాయలు, అంటే నెల బిల్లు సుమారు 66,000. ఈ రేటు ఐదారేళ్ళుగా మారలేదు. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ మాత్రం "సార్, ఈమధ్య బట్టలు బాగా రావట్లేదు" అంటూనే ఉంది.

ఆ "బాగా రావట్లేదు" అన్నదాన్ని లెక్కలోకి తేవడం మొదటి పని. రోజూ చూసే కళ్ళకి నిన్నటి షీటే కొలత కాబట్టి ఇవాళ్టి షీటు పెద్దగా మారినట్టు కనిపించదు. అందుకే స్టోరులో ఒక్కసారి కూడా ఉతకని కొత్త షీటు, కొత్త టవలు ఉంటే తీసి పక్కన పెట్టుకోవాలి. వాటిని కిటికీ దగ్గర పగటి వెలుతురులో లాండ్రీ నుంచి వచ్చిన వాటితో కలిపి పరిస్తే తేడా ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు. ట్యూబులైటు కింద చూస్తే మోసపోతాం, తెలుపులో తేడా సరిగా తెలియదు.

తర్వాత రెండు వారాల పాటు, వచ్చిన ప్రతి మూటనీ లోపలికి తీసుకునేటప్పుడే చూసి, వాడటానికి పనికిరాని పీసుల్ని పక్కకు తీసి, ఎందుకు తీశారో రాయాలి. నాలుగు గడులు చాలు: మాసిన రంగు, మరక, వాసన, చిరుగు. మన ఉదాహరణలో రెండు వారాల్లో 2,800 పీసులు వచ్చాయి. వాటిలో 252 పక్కకు తీశారు. మాసిన రంగువి 110, మరకలవి 60, వాసన వచ్చినవి 50, చిరిగినవి 32. అంటే వందకి తొమ్మిది. ఈ పనిలో ఉన్నవాళ్ళు వందకి మూడు నుంచి ఐదు దాకా మళ్ళీ ఉతకాల్సి రావడం మామూలేనని సరిపెట్టుకుంటారు. తొమ్మిది మామూలు కాదు.

ఈ తొమ్మిది పట్టుకుని అప్పుడే అతన్ని పిలవకూడదు. అందులో మన వాటా ఎంతో ముందు తీసేయాలి. హోటళ్ళలో టవలుతో బాత్రూమ్ నేల తుడవడం, అద్దం తుడవడం, గెస్టులు బూట్లు తుడవడం ఎప్పుడూ జరిగేవే. అలా పోయిన టవలు మీద నల్లటి జిడ్డు ఏ లాండ్రీలోనూ పూర్తిగా పోదు. కుంకుమ, గోరింటాకు, తలనూనె, బిర్యానీ మరకలు పడ్డ షీటుని విడిగా కట్టి చెప్పకుండా అదే మూటలో పడేస్తే, వేడినీళ్ళలో ఆ మరక ఇంకా గట్టిపడుతుంది. తడి టవళ్ళని మూటగట్టి సెల్లార్‌లో రాత్రంతా ఉంచితే, మన సముద్రపు గాలిలోని తేమకి పొద్దుటికే ముక్కిన వాసన పట్టుకుంటుంది. సూపర్‌వైజర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని 252 పీసుల్నీ ఈ చూపుతో మళ్ళీ చూస్తే, మరకల్లో 35, వాసనలో 10 మనవే అని తేలింది. చిరుగుల్లో 12 షీట్లు వయసు అయిపోయినవి, అసలు వాటిని ఎప్పుడో తీసేయాల్సింది. మొత్తం 57. మిగిలింది 195, అంటే వందకి ఏడు. ఇక ఈ ఏడు గురించే మాట్లాడాలి. ఈ తీసివేత చేసినవాళ్ళకి మాట్లాడేటప్పుడు గొంతు పెంచాల్సిన అవసరం రాదు. అతను "మీ వాళ్ళే పాడుచేస్తున్నారు" అంటే, "అవునన్నా, 57 మావే, పక్కన పెట్టేశాను" అని చెప్పగలుగుతారు.

ఇప్పుడు బట్ట చెప్పే మాట వినాలి. ఈ భాగం మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. "పని బాగోలేదు" అన్న మాట పట్టుకుని ఏ లాండ్రీ యజమానీ ఏమీ చేయలేడు. "చివరి జాడింపు తగ్గినట్టుంది" అంటే మాత్రం ఆ సాయంత్రమే వెళ్ళి మెషీన్ దగ్గర నిలబడగలడు.

షీటు మొత్తం ఒకే తీరుగా మాసిన బూడిద రంగుకి తిరిగిందంటే, బట్టల్లోంచి వదిలిన మురికి నీళ్ళలోంచి మళ్ళీ బట్టకే పట్టుకుంటోందన్నమాట. దీనికి మామూలు కారణం మెషీన్‌లో ఎక్కువ కుక్కడం. డ్రమ్ములో బట్ట పైకి లేచి కింద పడాలి, ఆ దెబ్బకే మురికి వదులుతుంది. యాభై కిలోల మెషీన్‌లో అరవై, అరవై ఐదు కిలోలు వేస్తే బట్ట కదలదు, ముద్దగా తిరుగుతుంది. రెండో కారణం జాడింపులు తగ్గించడం. నీటికి, సమయానికి ముందు కోత పడేది అక్కడే. మూడో కారణం నీళ్ళు. తీరానికి దగ్గర బోర్లలో ఉప్పు, కాఠిన్యం ఎక్కువగా ఉండే చోట్లు ఉన్నాయి. కఠిన జలంలో సబ్బు సరిగా పనిచేయదు, తెట్టెలా బట్టకి పడుతుంది. నగరపాలక సంస్థ జీవీఎంసీ ఇచ్చే నీళ్ళు వాడే లాండ్రీ ఎండాకాలంలో బోరు మీదకో ట్యాంకర్ మీదకో మారితే, అదే సబ్బు, అదే మెషీన్, అదే మనిషి ఉన్నా రంగు మారిపోతుంది.

చిరుగులు ఇంకో కథ చెబుతాయి. అంచు దగ్గరో, ఏదో కొక్కేనికి తగిలినట్టో చిరిగితే అది ఎత్తుకెళ్ళడంలో, ఆరేయడంలో జరిగింది. షీటు మధ్యలో రెండు చేతుల్తో పట్టుకుని కొంచెం లాగగానే కాగితంలా చీలిపోతే మాత్రం అది బ్లీచింగ్ పని. మాసిన రంగుని దాచడానికి క్లోరిన్ బ్లీచ్ ఎక్కువ పోసినా, బాగా మరిగే నీళ్ళలో పోసినా, ఆ తర్వాత సరిగా జాడించకపోయినా నూలు లోపల్నుంచి బలహీనపడుతుంది. చూడటానికి తెల్లగానే ఉంటుంది. ఇరవై, ముప్పై ఉతుకుల తర్వాత బయటపడుతుంది. తుప్పు మరక ఉన్నచోట బ్లీచ్ పడితే నష్టం ఇంకా త్వరగా జరిగి, సన్నటి చిల్లులు పడతాయి. మన ఊళ్ళో ఇనుప తీగలు, క్లిప్పులు, గేట్లు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి ఇది తరచూ కనిపిస్తుంది.

జాడింపు సరిగా జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఒక చవకైన పరీక్ష ఉంది. స్కూలు ప్రయోగశాలల్లో వాడే ఫినాఫ్తలీన్ ద్రావణం చిన్న సీసా తెచ్చుకుని, ఉతికి వచ్చిన షీటు మీద ఒక చుక్క వేయాలి. గులాబీ రంగు వస్తే సబ్బు, సోడాల క్షారం బట్టలోనే మిగిలిపోయింది. రంగు మారకపోతే ఆ బెంగ అక్కర్లేదు. క్షారం మిగిలిన షీటు ఇస్త్రీ వేడికి పసుపు తిరుగుతుంది, కొందరు గెస్టులకి ఒంటికి దురద పెడుతుంది. టవలుకి ఇంకా తేలిక పరీక్ష: దాని మీద నీటి చుక్క వేస్తే వెంటనే పీల్చుకోవాలి. చుక్క ముత్యంలా నిలబడితే దాని మీద సాఫ్ట్‌నర్‌గానీ సబ్బుగానీ పొరలా పేరుకుంది.

మన ఉదాహరణలో ఈ పరీక్షలు చేస్తే ఇలా తేలిందనుకుందాం. మాసిన రంగు 110 పీసుల్లో ఓ డజను మీద చుక్క వేస్తే ఎక్కువ వాటిలో గులాబీ రంగు వచ్చింది. వయసు అయిపోయినవి తీసేశాక మిగిలిన 20 చిరుగుల్లో దాదాపు అన్నీ చేత్తో లాగితే చీలిపోతున్నాయి. వాసన వచ్చినవి మధ్యలో తడిగా ఉన్నాయి, అంటే పూర్తిగా ఆరకముందే మడతపెట్టారు. ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒకే ఒక విషయం కనిపిస్తుంది. అక్కడ తొందరపడుతున్నారు. జాడింపులు కోసేస్తున్నారు, బ్లీచ్‌తో కప్పిపుచ్చుతున్నారు, ఆరక ముందే మూట కట్టేస్తున్నారు. ఇందులో పనివాళ్ళ బద్ధకం కంటే, ఉన్న మెషీన్ల మీద పడిన అదనపు పనే ఎక్కువగా కనిపిస్తుంది. చాలాసార్లు ఆ లాండ్రీ వేరే పెద్ద కాంట్రాక్టు ఏదో తీసుకుని ఉంటుంది. ఒకప్పుడు అతని పనిలో సగం మన హోటల్‌దే అయి ఉంటే, ఇప్పుడు పదో వంతు కూడా కాకపోవచ్చు. ఆ కాంట్రాక్టు ఆస్పత్రిదైతే ఇంకో ప్రశ్న తప్పనిసరిగా అడగాలి: ఆ బట్టలు, మన బట్టలు వేర్వేరు మెషీన్లలో, వేర్వేరు బల్లల మీద నడుస్తున్నాయా? ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. గెస్టు ముఖం తుడుచుకునే టవలు అది.

ఇక డబ్బు సంగతి. ఐదారేళ్ళుగా రేటు మారలేదన్నాను. ఆ కాలంలో జీతాలు, కరెంటు, డీజిలు, సబ్బు ధరలు ఎక్కడికి వెళ్ళాయో మనకీ తెలుసు. రేటు పెంచమని అడగడానికి అతనికీ మొహమాటమే. అడగలేక, పనిలో కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వచ్చాడు. మనం కూడా బిల్లు పెరగలేదని సంతోషించాం. ఆ సంతోషం నిజమా కాదా చూద్దాం. బ్లీచ్ వల్ల చిరిగినవి రెండు వారాల్లో 20. షీటు, టవలు కలిపి సగటున పీసు 300 రూపాయలనుకుంటే 6,000. నెలకి దాదాపు 13,000. అదే లాండ్రీకి పీసుకి రెండు రూపాయలు పెంచితే నెలకి అదనంగా పడేది 12,000. అంటే పెంచకుండా మిగుల్చుకున్నామనుకున్న సొమ్ము అంతా కొత్త షీట్లు కొనడానికే పోతోంది. గెస్టుల చిరాకు, మళ్ళీ ఉతికించడానికి పట్టే రోజు, ఆ రోజు గది సిద్ధం కాక పడే టెన్షన్ ఈ లెక్కలోకి ఇంకా రాలేదు.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మాట్లాడే రోజు ఇది తప్పకుండా ఎదురవుతుంది. అతని బిల్లులు మనం ఎన్ని రోజులకి కడుతున్నాం? లాండ్రీ సూక్ష్మ లేదా చిన్న సంస్థగా ప్రభుత్వ పోర్టల్ ఉద్యమ్‌లో నమోదై ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులకి మించకూడదు, ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. ఆలస్యమైతే వడ్డీ అడిగే హక్కు అతనికి ఉంది. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను నిబంధనల ప్రకారం, ఆ గడువు దాటి కట్టిన మొత్తాన్ని కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోగలం. కాబట్టి మూడు నెలల బాకీ పెట్టుకుని నాణ్యత గురించి మాట్లాడబోవద్దు. మాట్లాడే ముందు బాకీ తీర్చండి, వీలుకాకపోతే ఏ తేదీన ఎంత కడతారో రాసుకుని వెళ్ళండి.

ఇప్పుడు ఆ మాట ఎలా నడవాలో చూద్దాం. మూట తెచ్చే కుర్రాడితో చెప్పి పంపడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ఆ కుర్రాడు చెప్పడు, చెప్పినా సగమే చెబుతాడు, యజమానికి అది అవమానంగా తగులుతుంది. వాట్సాప్‌లో ఫొటోలు పెట్టడం కూడా అంతే. పదేళ్ళ పరిచయాన్ని నాలుగు మరకల ఫొటోలతో పలకరించినట్టవుతుంది. యజమానితోనే, ఎదురుగా, వేరే ఎవరూ లేని గదిలో మాట్లాడాలి. అరకు సీజన్‌లో గదులన్నీ నిండి ఉండే డిసెంబరు, జనవరి నెలల్లో వద్దు. అప్పుడు అతనికి వినే తీరిక ఉండదు, మనకి వేరే దారి ఉండదు. రద్దీ తగ్గిన నెలలో, పొద్దుటి మూటలు దిగిపోయాక పిలవాలి. మధ్యాహ్నం ఓ గంట అనుకుని పిలిస్తే చాలు.

మన దగ్గర జరిగే మామూలు తప్పు ఒకటి ఉంది. అతను వస్తాడు, కాఫీ వస్తుంది, పిల్లల చదువులు, మద్దిలపాలెం ట్రాఫిక్, పాత యజమాని ఆరోగ్యం అన్నీ అయిపోతాయి. ముప్పావు గంట తర్వాత అతను లేచి గుమ్మం దాకా వెళ్ళాక, "బట్టలు కొంచెం చూసుకోండన్నా" అంటాం. "అలాగేనండి, చూస్తానండి" అంటాడు. ఏం చూడాలో అతనికి తెలియదు, చెప్పేశామన్న తృప్తి మాత్రం మనకి మిగులుతుంది. ఆరు నెలల తర్వాత విసిగిపోయి లాండ్రీ మార్చేసినప్పుడు, "ఒక్కసారైనా చెప్పలేదు" అని అతను అంటాడు. అతని వైపు నుంచి అది నిజమే.

కాఫీ ఇవ్వండి, పిల్లల గురించి అడగండి, తప్పులేదు. కానీ కాఫీ కప్పు కింద పెట్టేలోపే బట్టలు బల్ల మీదకి రావాలి. కొత్త షీటు ఒకటి, వచ్చిన షీట్లలోంచి మాసినవి, చీలినవి, తడివి కలిపి పది. పదికి మించి పరిస్తే నేరస్థుణ్ణి నిలబెట్టినట్టుంటుంది. మాట ఇలా మొదలుపెట్టొచ్చు:

"అన్నా, ఇవాళ మిమ్మల్ని రమ్మన్నది బట్టల గురించే. రెండు వారాలు లెక్కపెట్టాం. 2,800లో 252 పక్కకు తీయాల్సొచ్చింది. అందులో 57 మా వాళ్ళ తప్పు. మిగతావి మీ దగ్గర అవుతున్నవి. ముందు ఈ షీటు చూడండి, ఇది మనం కొన్నప్పటిది."

ఇక్కడ ఆపి ఊరుకోవాలి. ఆ నిశ్శబ్దం భరించలేక మనమే "అంటే మీ తప్పని కాదు, మీకూ ఇబ్బందులుంటాయి" అంటూ మొదలుపెడితే చెప్పిందంతా నీరుగారిపోతుంది. అతను షీటు పట్టుకుని చూడనివ్వండి. ఏళ్ళ తరబడి బట్టలు ఉతికించిన మనిషి అతను. ఒక్కసారి వేళ్ళ మధ్య పెట్టి చూస్తే ఏం జరిగిందో మనకంటే ముందు అతనికే తెలుస్తుంది.

మొదటి జవాబు నొప్పితోనే రావొచ్చు. "ఏటి మేనేజర్ గారూ, ఇన్నేళ్ళకి నాకు షీట్లు చూపిస్తన్నారేటి? హుద్‌హుద్‌లో ఎవలు ఉతికారండి మీకు?" అనొచ్చు. దీనికి వాదన అక్కర్లేదు. "మీరే ఉతికారన్నా, అది మేం మర్చిపోలేదు. అందుకే ఇంకో లాండ్రీతో మాట్లాడకుండా ముందు మిమ్మల్నే పిలిచాను" అనడం చాలు. అది నిజమై ఉండాలి. వెనకాల ఇంకో లాండ్రీ నుంచి రేట్లు తెప్పించుకుని ఈ మాట అంటే, విశాఖ హోటళ్ళ లోకం చిన్నది, సాయంత్రానికల్లా అతనికి తెలిసిపోతుంది.

తర్వాత అతను కారణాలు చెప్పడం మొదలుపెడతాడు, అదే మనకి కావాల్సింది. పాత ఇస్త్రీ మేస్త్రీ ఊరెళ్ళిపోయి ఉండొచ్చు. బోరు ఎండి ట్యాంకర్ పెట్టుకుని ఉండొచ్చు. రెండు మెషీన్లలో ఒకటి ఆగిపోయి, రిపేరుకి డబ్బు లేక దాన్ని అలాగే వదిలేసి ఉండొచ్చు. ఇక్కడ మన పని తీర్పు చెప్పడం కాదు, కారణాన్ని బట్టతో కలపడం. "మెషీన్ ఒకటే నడుస్తోందంటున్నారు కదా, అందుకేనా లోడు ఎక్కువ వేస్తున్నారు? చివరి జాడింపు ఎన్నిసార్లు?" అని అడగాలి. గులాబీ చుక్క పరీక్ష అతని ముందే చేసి చూపించి, ఆ సీసా అతనికే ఇచ్చి పంపడం మంచిది. రేపటి నుంచి మన దగ్గరికి రాకముందే అక్కడే చూసుకోగలడు.

రేటు విషయం అతను ఎత్తేదాకా ఆగొద్దు, మనమే బల్ల మీద పెట్టాలి. అయితే నాణ్యత మాట అయ్యాకే. ముందే రేటు ఎత్తితే మొత్తం బేరంలోకి జారిపోతుంది. "11 రూపాయలకి ఈ పని కష్టమని నాకూ తెలుసు. 13 చేద్దాం. కానీ మీరు మొదలుపెట్టేది ఈ నెలే, నేను పెంచేది నాలుగు వారాల లెక్క చూశాక, ఆ నాలుగు వారాలకీ కలిపి ఇస్తాను." ఇలా అంటే అతనికి మోసపోయానన్న భయం ఉండదు, మనకీ ముందే ఇచ్చేశామన్న బాధ ఉండదు. ఒకవేళ అతని కష్టం రెండు రూపాయలతో తీరేది కాదంటే, ఆ సంగతి కూడా ఆ రోజే తెలియడం ఇద్దరికీ మంచిది.

నాలుగు వారాల్లో ఏం మారాలో మూడు వాక్యాల్లో ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోవాలి. లోడు మెషీన్ కొలత దాటకూడదు, చుక్క గులాబీ రంగుకి తిరగకూడదు, తడి మూట రాకూడదు. మన వైపు నుంచి కూడా రాయాలి: టవళ్ళతో నేల తుడవం, గట్టి మరకలున్నవి విడిగా రంగు సంచిలో పంపుతాం, బిల్లు ఫలానా రోజుకి కడతాం. ఇవి రెండూ ఒకే కాగితం మీద ఉంటేనే అతను దాన్ని హెచ్చరిక కాగితంలా కాకుండా ఒప్పందంలా చూస్తాడు. మాట జరగకపోతే ఏమవుతుందో కూడా అప్పుడే చెప్పాలి. "నాలుగు వారాల తర్వాత వందకి ఐదులోపు రాకపోతే షీట్లు వేరేవాళ్ళకి ఇవ్వాల్సొస్తుంది, టవళ్ళు మీ దగ్గరే ఉంటాయి" అని ముందే చెప్పినది బెదిరింపులా వినిపించదు. తర్వాత చెప్పినదే అలా వినిపిస్తుంది.

కొలవడంలో ఒక చిక్కు చాలామందికి తోచదు. ఏళ్ళుగా బూడిద రంగుకి తిరిగిన షీటు, రేపటి నుంచి ఎంత బాగా ఉతికినా పూర్తిగా తెల్లబడదు. బ్లీచ్‌తో బలహీనమైన నూలుకి బలం తిరిగి రాదు. పాత షీట్లనే చూస్తూ ఉంటే అతను పని మార్చినా మనకి కనిపించదు, "ఏం మారలేదు" అని అన్యాయంగా అంటాం. అందుకే ఓ ముప్పై కొత్త షీట్లు, ముప్పై కొత్త టవళ్ళు వాడకంలోకి దింపి, అంచు కుట్టులో ఎర్ర దారంతో చిన్న గుర్తు పెట్టాలి. రంగుకి, చిరుగుకి లెక్క ఆ గుర్తున్న వాటి మీదే చూడాలి. తడి, వాసన మాత్రం అన్ని బట్టల్లోనూ మొదటి వారంలోనే తెలిసిపోతుంది. తడి మూటలు ఆగాయంటే అతను పనిలో చెయ్యి పెట్టాడనే అర్థం. మొదటి వారంలో అదీ మారకపోతే నాలుగు వారాలు ఎదురుచూడాల్సిన పని లేదు, రెండో వారంలోనే ఒకసారి వెళ్ళి అతని లాండ్రీ చూసి రావాలి. అక్కడ కుప్పల కొద్దీ ఆస్పత్రి బట్టలు, ఒకే ఒక్క మెషీన్ కనిపిస్తే, మాటలతో తీరే సమస్య కాదది. అతని దగ్గర మన పనికి చోటే లేదు.

మన ఉదాహరణలో నాలుగో వారం చివర వందకి ఏడు కాస్తా నాలుగున్నరకి వచ్చిందనుకుందాం. వాసన దాదాపు పోయింది, గుర్తున్న షీట్లలో ఒక్కటీ చీలలేదు, కానీ రంగు ఇంకా పూర్తిగా బాగుపడలేదు, ఎందుకంటే ట్యాంకర్ నీళ్ళు ఇంకా నడుస్తున్నాయి. అనుకున్న గీత దాటాడు కాబట్టి 13 రూపాయలు ఆ నాలుగు వారాలకీ కలిపి కట్టేయాలి, "రంగు కూడా బాగుపడితే చూద్దాం" అంటూ కొత్త షరతు పెట్టకూడదు. నీళ్ళ గురించి విడిగా మాట్లాడొచ్చు. నీటి కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ ప్లాంటు పెట్టుకోవడానికి అతనికి అడ్వాన్సు ఇవ్వగలమా, నెలనెలా బిల్లులోంచి తగ్గించుకోగలమా అన్నది మన హోటల్ యజమానితో చర్చించాల్సిన విషయం.

లెక్క ఆరో ఏడో దగ్గరే ఆగిపోతే మాత్రం ముందు చెప్పినట్టే చేయాలి. కొత్త లాండ్రీ వ్యాను మన గేటు దగ్గర ఆగడానికి ముందే, ఆ సంగతి అతనికి మన నోటి నుంచే తెలియాలి. ఆ రోజుకి షీట్ల తాలూకు పాత బిల్లు పైసాతో సహా తీరి ఉండాలి, టవళ్ళకి ఏ రేటో, రోజుకి ఎన్ని పీసులో కొత్త చలానాలో రాసి అతని చేతికి ఇవ్వాలి.